డీలర్ చెప్పే 7 శాతం ఫ్లాట్ వడ్డీ అసలు ఎంత: కారు లోన్ రేటును మీరే లెక్కగట్టే పద్ధతి

సెకండ్ హ్యాండ్ కారు కొనడానికి వెళ్తే బండి నచ్చాక పక్క టేబుల్ దగ్గర కూర్చోబెట్టి ఫైనాన్స్ మాట్లాడతారు. "బ్యాంకులో పదిన్నర అంటున్నారు కదా సార్, మన దగ్గర 7 పర్సెంటే" అంటారు. ఆ 7 ఫ్లాట్, బ్యాంకు చెప్పిన పదిన్నర రెడ్యూసింగ్, అంటే తగ్గే బాకీ మీద వడ్డీ. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు. ముందు ఫ్లాట్‌ను రెడ్యూసింగ్‌లోకి మార్చాలి, అది ఫోన్‌లో రెండు నిమిషాల పని, దానికి మీకు కావలసింది మూడు అంకెలు మాత్రమే.

ఒకే ఉదాహరణ తీసుకుని చివరిదాకా దాంతోనే వెళ్దాం. లోన్ 6,00,000 రూపాయలు, 60 నెలలు, 7 శాతం ఫ్లాట్. దీని అసలు రేటు ఏడాదికి 12.5 శాతం. డీలర్ దగ్గర కోతలు కూడా కలిపితే 14 దాటుతుంది. అదెలాగో చూద్దాం.

ముందు ఈఎంఐ తేల్చుకోండి

ఫ్లాట్ లెక్క చాలా సులువు, అందుకే అమ్మేవాళ్లకు అదంటే ఇష్టం. మొదట తీసుకున్న మొత్తం మీదే, ఎన్నేళ్లుంటే అన్నేళ్లకూ వడ్డీ వేస్తారు. మన ఉదాహరణలో ఏడాదికి 42,000, ఐదేళ్లకు 2,10,000. దాన్ని అసలుకు కలిపితే 8,10,000. 60తో భాగిస్తే నెలకు 13,500.

డీలర్ చెప్పిన ఈఎంఐ మీ లెక్కతో సరిపోయిందో లేదో ఇక్కడే చూసుకోండి. ఆయన 13,500 బదులు 13,850 అంటే, ఆ 350 ఎక్కడి నుంచి వచ్చిందో అడగాలి. చాలాసార్లు మీరు అడగని లోన్ ఇన్సూరెన్స్‌నో, ఇంకేదో చార్జీనో అసలుకు కలిపేసి, పెరిగిన మొత్తం మీద 7 శాతం వేసి ఉంటారు. అలా ఉంటే రేటు లెక్కలో వాడాల్సింది వాళ్లు చెప్పే ఈఎంఐనే, ఎందుకంటే మీ అకౌంట్‌లోంచి ప్రతినెలా పోయేది అదే.

తర్వాత రేటు

గూగుల్ షీట్స్‌లో గానీ ఎక్సెల్‌లో గానీ ఒక ఖాళీ గడిలో ఇది టైప్ చేయండి:

```
=RATE(60,-13500,600000)*12
```

మొదటిది నెలల సంఖ్య, రెండోది ఈఎంఐ, మూడోది మీకు అందిన లోన్. మీ చేతిలోంచి పోయే డబ్బు కాబట్టి ఈఎంఐకి ముందు మైనస్ ఉండాలి. అది మర్చిపోతే జవాబు బదులు `#NUM!` అని వస్తుంది. RATE ఇచ్చేది నెలవారీ రేటు కాబట్టి 12తో గుణిస్తున్నాం. జవాబు 0.125, అంటే 12.5 శాతం.

ఇక్కడ చాలామంది ఆగిపోయే చోటు ఒకటుంది. కొన్నిసార్లు షీట్ దానంతటదే గడిని శాతంలోకి మార్చి, దశాంశాలు లేకుండా చూపిస్తుంది. అప్పుడు 12.5 కాస్తా 13% అని కనబడుతుంది, 12తో గుణించకపోతే ఉత్త 1% అని కనబడుతుంది. దశాంశాలు పెంచే బటన్‌ను రెండుసార్లు నొక్కితే అసలు అంకె బయటికొస్తుంది. కారు లోన్‌లో అర శాతం తేడా కూడా వేల రూపాయల్లో ఉంటుంది కాబట్టి ఈ చిన్న పని వదిలేయొద్దు.

షీట్ వాడటం అలవాటు లేకపోతే మామూలు ఈఎంఐ కాలిక్యులేటర్ చాలు, ఏ బ్యాంకు సైట్‌లోనైనా ఉంటుంది. అందులో 6,00,000, 60 నెలలు పెట్టి రేటు మారుస్తూ పోండి. 12 పెడితే ఈఎంఐ సుమారు 13,347 వస్తుంది, మనది 13,500 కాబట్టి అసలు రేటు అంతకంటే ఎక్కువ. 13 పెడితే 13,652, కాస్త ఎక్కువైంది. మధ్యలో 12.5 పెట్టండి, 13,499 వస్తుంది, దొరికేసినట్టే. డీలర్ ఎదురుగా కూర్చున్నప్పుడు నాకు ఈ పద్ధతే మేలనిపిస్తుంది. స్క్రీన్ మీద బ్యాంకు కాలిక్యులేటరే 12.5 అని చూపిస్తుంటే ఇక వాదన ఉండదు.

మన పల్లెలెక్కలో చెప్పుకోవాలన్నా కుదురుతుంది. 7 శాతం ఫ్లాట్ అంటే నూటికి నెలకు 58 పైసలు, వినడానికి అర్ధరూపాయి వడ్డీకి దగ్గర్లో ఉన్నట్టుంటుంది. అసలు రేటు నెలకు 1.042 శాతం, అంటే రూపాయి నాలుగు పైసల వడ్డీ.

ఇంత తేడా ఎందుకొస్తుంది

ఇది అర్థమైతే మిగతాదంతా దానంతటదే తెలుస్తుంది కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం.

ఫ్లాట్ లెక్క ప్రకారం 13,500లో 10,000 అసలు, 3,500 వడ్డీ, మొదటి నెలా అంతే, ఆఖరి నెలా అంతే. కానీ ఆఖరి నెలకు మీ దగ్గర వాళ్ల డబ్బు ఎంత మిగిలుంది? వాళ్ల లెక్కలోనే 10,000. ఆ పది వేల మీద ఒక్క నెలకు 3,500 వడ్డీ వసూలు చేస్తున్నారు, అంటే నూటికి 35 రూపాయలు. మీరు ఎప్పుడో తిరిగి కట్టేసిన డబ్బుకు కూడా వడ్డీ నడుస్తూనే ఉంటుంది, ఫ్లాట్‌లో ఉన్న కిటుకంతా ఇదే.

అదే 13,500ను నిజమైన రేటుతో విడగొడితే బొమ్మ మారిపోతుంది. మొదటి నెల 6,00,000 మీద 1.042 శాతం, అంటే 6,252 వడ్డీకి పోతుంది, అసలుకు జమ అయ్యేది 7,248. బాకీ 5,92,752కు తగ్గుతుంది. రెండో నెల వడ్డీ ఆ తగ్గిన బాకీ మీదే. అలా తగ్గుతూ తగ్గుతూ 60వ నెలలో వడ్డీ 140 రూపాయల లోపే ఉంటుంది. మొత్తం వడ్డీ ఇక్కడా 2,10,000లే, ఒక్క రూపాయి కూడా మారదు. మారేది ఆ వడ్డీ ఎంత బాకీ మీద పడిందన్నది. ఐదేళ్లలో సగటున మీ దగ్గర ఉన్న వాళ్ల డబ్బు సుమారు 3,36,000 మాత్రమే. దాని మీద ఏడాదికి 42,000 కడుతున్నారు కాబట్టి 12.5 శాతం.

నోటిలెక్కకు 1.8, కానీ దాన్నే నమ్ముకోకండి

ఫ్లాట్‌ను రెండుతో గుణిస్తే అసలు రేటు వస్తుందని కొందరంటారు. అది కాస్త ఎక్కువ చెప్పడమే. ఐదేళ్ల కారు లోన్‌కు 1.8తో గుణిస్తే దగ్గరగా వస్తుంది: 7 × 1.8 = 12.6, అసలు 12.5. అయితే ఈ 1.8 అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఐదేళ్లకే 5 శాతం ఫ్లాట్ అయితే గుణించాల్సింది 1.83తో, 9 శాతానికి 1.75తో, పాత బండికి 12 శాతం ఫ్లాట్ అన్నారంటే 1.69తో, అంటే 20.3 శాతం. రేటు పెరిగేకొద్దీ గుణకం తగ్గుతుంది, అసలు రేటు మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

కాలాన్ని బట్టి కూడా మారుతుంది. అదే 7 శాతం ఫ్లాట్ మూడేళ్లకైతే 12.8, ఐదేళ్లకు 12.5, ఏడేళ్లకు 12.2. ఇది చూసి ఏడేళ్లు తీసుకుంటే చవక అనుకోకండి. రేటు కొద్దిగా తగ్గినా వడ్డీ రూపాయల్లో 2,10,000 నుంచి 2,94,000కు పోతుంది.

నోటిలెక్క దేనికి పనికొస్తుందంటే, షోరూమ్‌లో మాట వినగానే ఈ బేరం ముందుకు తీసుకెళ్లాలా వద్దా అని తేల్చుకోవడానికి. సంతకం పెట్టే ముందు మాత్రం RATE వేసే తీరాలి.

చేతికొచ్చింది ఎంతో దాని మీద లెక్కించండి

ఇప్పటిదాకా మీకు 6,00,000 పూర్తిగా అందిందనుకున్నాం. మామూలుగా అలా జరగదు. మన ఉదాహరణలో ప్రాసెసింగ్ ఫీజు 1 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 7,080. డాక్యుమెంటేషన్ పేరుతో 2,920. లోన్ ఇన్సూరెన్స్ 14,000. మొత్తం 24,000 కోసుకుని బండి అమ్మినాయనకు 5,76,000 పంపిస్తారు. ఈఎంఐ మాత్రం 6,00,000 మీదే, 13,500. అప్పుడు మూడో అంకె మారుతుంది:

```
=RATE(60,-13500,576000)*12
```

జవాబు 14.3 శాతం. 7 అని మొదలైంది 14.3 దగ్గర తేలింది. రూపాయి పంతొమ్మిది పైసల వడ్డీ.

అయితే ఏ చార్జీని కలపాలి, దేన్ని వదిలేయాలి అన్నది కాస్త ఆలోచించి చేయాలి. నేను పెట్టుకున్న ప్రశ్న ఒక్కటే: మొత్తం డబ్బు చేతిలో పెట్టి కొనుంటే ఈ ఖర్చు ఉండేదా? ఆర్‌సీ ట్రాన్స్‌ఫర్, బండి ఇన్సూరెన్స్ ఎలాగూ ఉంటాయి, వాటిని లోన్ ఖర్చులో కలపొద్దు. ప్రాసెసింగ్, డాక్యుమెంటేషన్, ఆర్‌సీలో హైపోథెకేషన్ రాయించడానికి తీసుకునేది, ఇవన్నీ లోన్ వల్లే వచ్చినవి కాబట్టి కలపాలి. లోన్ ఇన్సూరెన్స్ దగ్గర కొంచెం చిక్కు ఉంది. మీ కుటుంబానికి అలాంటి రక్షణ కావాలనుకుని మీరే తీసుకుంటున్నారా, లేక "ఇది లేకపోతే లోన్ పాస్ అవ్వదు సార్" అన్నారని తీసుకుంటున్నారా? రెండోదైతే కలపాల్సిందే. అది తీసేసి 10,000 కోత మాత్రమే ఉంటే, అంటే 5,90,000 చేతికొస్తే, రేటు 13.25కు దిగుతుంది. ఒక్క ఇన్సూరెన్స్ పాలసీ బరువే శాతం పైన ఉందన్నమాట.

డిస్కౌంట్ సంగతీ ఇంతే. క్యాష్‌కు కొంటే 15,000 తగ్గిస్తామని, వాళ్ల ఫైనాన్స్ తీసుకుంటే తగ్గించమని అంటే, ఆ 15,000 కూడా మీరు లోన్ కోసం కడుతున్న ఖర్చే, చేతికొచ్చిన మొత్తంలోంచి తీసేయండి. తిరగేసి, వాళ్ల లోన్ తీసుకుంటేనే అదనపు తగ్గింపు ఇస్తే ఆ మొత్తాన్ని కలపండి. కొత్త కార్ల స్కీముల్లో ఈ రెండోది నిజంగానే ఉంటుంది, అలాంటప్పుడు డీలర్ లోనే చవక పడే సందర్భాలూ ఉంటాయి. లెక్క వేసేది అది తేల్చుకోవడానికే.

అడ్వాన్స్ ఈఎంఐ

"మొదటి ఈఎంఐ ఇప్పుడే కట్టేయండి" అన్నారంటే, 6,00,000 ఇచ్చిన రోజే 13,500 వెనక్కి తీసుకున్నట్టు. నిజానికి మీకిచ్చింది 5,86,500, మిగిలింది 59 ఈఎంఐలు. ఫార్ములా చివర రెండు అంకెలు చేరుస్తాం:

```
=RATE(60,-13500,600000,0,1)*12
```

ఆ ఆఖరి 1 అంటే ప్రతి ఈఎంఐ నెల మొదట్లోనే కడుతున్నారని. జవాబు 13 శాతానికి కాస్త తక్కువ. ఏ చార్జీ లేకపోయినా, ఒక్క నెల ముందు కట్టడం వల్లే 12.5 కాస్తా 13 అయింది.

బ్యాంకుతో పోల్చడం, బేరం ఆడటం

ఇప్పుడు ఆ పదిన్నర దగ్గరికి వద్దాం. 6,00,000కు 10.5 శాతం రెడ్యూసింగ్‌లో 60 నెలల ఈఎంఐ 12,896. డీలర్ దగ్గర 13,500. నెలకు 604 తేడా, ఐదేళ్లకు 36,000 దాటుతుంది. చూడ్డానికి 7 కంటే పదిన్నర ఎక్కువ, కట్టేటప్పుడు తక్కువ.

దీన్నే తిరగేస్తే బేరానికి పనికొస్తుంది. బ్యాంకు ఈఎంఐని 60తో గుణించి, అసలు తీసేస్తే వడ్డీ 1,73,760 వస్తుంది. దాన్ని 6,00,000తో, తర్వాత 5తో భాగించండి: 5.79 శాతం. అంటే బ్యాంకు ఇస్తున్నది ఫ్లాట్ భాషలో 5.79. డీలర్ 5.79 ఫ్లాట్‌కు దిగితేనే బ్యాంకుతో సమానం, అదీ చార్జీలు రెండుచోట్లా ఒకేలా ఉంటేనే. "బ్యాంకులో 5.79 ఫ్లాట్ ఇస్తున్నారు, మీరు ఎంతకిస్తారు" అని అడిగి చూడండి, మాట తీరు మారుతుంది. లేదా సూటిగా "ఐఆర్ఆర్ ఎంత?" అనండి. ఫైనాన్స్ వాళ్లు తమలో తాము వాడుకునే అంకె అదే, రెడ్యూసింగ్ రేటు అని అర్థం.

ఒక జాగ్రత్త. 12.5 అన్నది నెల రేటును 12తో గుణించగా వచ్చింది, బ్యాంకులు చెప్పేదీ ఇలాగే కాబట్టి పోలిక సరిగ్గా ఉంటుంది. కొన్ని కాలిక్యులేటర్లు చక్రవడ్డీ పద్ధతిలో 13.25 అని చూపిస్తాయి, దానికి ఎఫెక్టివ్ రేటు అని పేరు. అది తప్పు కాదు, కానీ ఒకరిది ఈ పద్ధతిలో, ఇంకొకరిది ఆ పద్ధతిలో పెట్టి పోల్చొద్దు.

కాగితం మీద సరిచూసుకోవడం

మీరు వేసిన లెక్క సరైనదో కాదో చూసుకోవడానికి ఒక కాగితం ఉంది. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు రిటైల్ లోన్లకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2024 ఏప్రిల్‌లో ఆదేశించింది, 2024 అక్టోబర్ 1 నుంచి మంజూరయ్యే కొత్త లోన్లన్నిటికీ అది వర్తిస్తుంది. అందరూ కేఎఫ్ఎస్ అంటారు. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది, అది తగ్గే బాకీ పద్ధతిలో, చార్జీలతో సహా లెక్కించినది. లోన్ ఇచ్చేవాళ్లు మీ నుంచి వసూలు చేసి ఇన్సూరెన్స్ కంపెనీకి కట్టేది కూడా అందులో చేరాలి. మన ఉదాహరణలో అక్కడ 14.3కు దగ్గరగా ఉండాలి. 12.5 అని ఉంటే ఏదో చార్జీ కలపలేదన్నమాట, ఏది వదిలేశారో అడగండి. 7 అని ఉంటే సంతకం పెట్టకండి.

కేఎఫ్ఎస్ మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి, తెలుగులో అడగొచ్చు. అది ఇచ్చాక ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాలు మీకుంటాయి, కాబట్టి "ఈ రేటు ఇవాళ సాయంత్రం వరకే" అన్న మాటకు టెన్షన్ పడక్కర్లేదు. అందులో రాయని చార్జీని తర్వాత మీ ఒప్పుకోలు లేకుండా వేయకూడదు కూడా. అయితే ఇదంతా రిజర్వ్ బ్యాంకు కిందకు వచ్చే సంస్థలకే. ఊళ్లో ప్రామిసరీ నోటు రాయించుకుని, ఆర్‌సీ పెట్టుకుని ఇచ్చే ప్రైవేట్ ఫైనాన్స్ దగ్గర ఇలాంటి కాగితం రాదు, అక్కడ మీ RATE లెక్కే మీకు దిక్కు.

మధ్యలో కట్టేయాలనుకుంటే

14.3 అన్నది 60 నెలలూ కడితేనే. మొదట్లో కోసిన 24,000 వెనక్కి రాదు కాబట్టి లోన్ త్వరగా మూసేస్తే ఆ భారమంతా తక్కువ నెలల మీద పడుతుంది. 24 ఈఎంఐలు కట్టి మూసేద్దామనుకుంటే, 12.5 శాతం లెక్కన అప్పటి బాకీ సుమారు 4,03,500 ఉంటుంది. అప్పుడు:

```
=RATE(24,-13500,576000,-403500)*12
```

15.2 శాతం వస్తుంది. ఫోర్‌క్లోజర్ చార్జీ ఉంటే దాన్ని 4,03,500కు కలిపి వేయండి, ఇంకా పెరుగుతుంది.

ఇక్కడే ఫ్లాట్ అసలు రంగు బయటపడేది. రెండేళ్లు కట్టాక "నెలకు పది వేల చొప్పున 2,40,000 తీరింది, ఇంకా 3,60,000 ఉంటుంది" అని చాలామంది అనుకుంటారు, ఎందుకంటే ఫ్లాట్ లెక్క వాళ్లకలాగే చెప్పారు. మూసేయడానికి వెళ్తే స్టేట్‌మెంట్‌లో 4,03,500 కనిపిస్తుంది. అది మోసం కాదు, తగ్గే బాకీ లెక్క ప్రకారం అంతే రావాలి. కానీ మిగిలిన 36 ఈఎంఐలూ కలిపి 4,86,000 కట్టమన్నారంటే, రాబోయే మూడేళ్ల వడ్డీని కూడా ఇప్పుడే అడుగుతున్నారని అర్థం. అందుకే లోన్ తీసుకునే రోజే నెలవారీ షెడ్యూల్ అడిగి తీసుకుని, 24వ నెల వరుసలో బాకీ ఎంత రాసుందో చూడండి. 4,03,500 చుట్టుపక్కల ఉంటే సరే. షెడ్యూలే ఇవ్వమంటే, మధ్యలో మూసేస్తే ఎంత కట్టాలో అగ్రిమెంట్‌లో ఏ పేరాలో ఉందో చూపించమని అడిగి, అది చదివాకే పెన్ను తీయండి.